ఆలస్యానికి మూడో అర్థం

సంస్కృతంలో ఆలస్యమంటే సోమరితనం. తెలుగులోకి వచ్చేసరికి అదే మాట జాప్యమైంది. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు ఈ అర్థభేదం చెప్పి పదవీ విరమణ చేసిన నాకు, ఆ మాటకు మూడో అర్థం ఒకటున్నదని విమాన ప్రయాణపు బీమా పత్రం నేర్పింది. మిత్రులలో చాలామంది ఏడాదికో రెండేళ్ళకో పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళివచ్చేవారే కనుక, ఆ పాఠాన్ని ఇక్కడ రాసి పెడుతున్నాను.

నిరుడు నేనూ మా ఇంటావిడా డల్లాస్‌లో ఉన్న అబ్బాయి దగ్గరకు బయలుదేరాం. సిద్దిపేటలో సాయంత్రం కారెక్కి, రాజీవ్ రహదారి మీదుగా శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు పట్టుకొని శంషాబాదు చేరేసరికి చాలా పొద్దుపోయింది. విమానం తెల్లవారుజామున 4.10కి. గల్ఫు నగరమొకదానిలో దిగి డల్లాస్ విమానం ఎక్కాలి. మేమెక్కవలసిన విమానంలో ఏదో భాగం చెడిందన్నారు. అయిదన్నారు, ఏడన్నారు, చివరకు 11.25కు లేచింది. గల్ఫులో రెండో విమానం మమ్మల్ని వదిలి వెళ్ళిపోయింది. విమాన సంస్థవారు ఒక రాత్రి హోటల్లో ఉంచి మరునాడు పంపారు. అబ్బాయి ఇల్లు చేరేసరికి అనుకున్న సమయానికి సరిగ్గా ఒక రోజు గడిచింది.

మా పాలసీలో విమాన ఆలస్యానికి ఇలా ఉన్నది: ప్రతి ఆరు పూర్తి గంటల ఆలస్యానికి మనిషికి 50 డాలర్లు, గరిష్ఠంగా 200. అబ్బాయి ఇంట్లో కూర్చొని లెక్క వేశాను. ఇరవై నాలుగు గంటలలో ఆరులు నాలుగు. ఇద్దరికీ కలిపి 400 డాలర్లు. నా గణితం తప్పు కాదు, అన్వయం తప్పు.

నిర్వచనాల పుటలో, నేను చదవకుండా తిప్పేసిన చోట, ఆలస్యమంటే టిక్కెట్టులో ముద్రించిన బయలుదేరు వేళకూ విమానం నిజంగా బయలుదేరిన వేళకూ మధ్య తేడా అని రాసి ఉన్నది. చేరడంలో జరిగిన ఆలస్యం ఆ వాక్యంలో లేదు. అంటే మాకు లెక్కకు వచ్చేది 4.10 నుండి 11.25 దాకా, ఏడుంబావు గంటలు. అందులో పూర్తి ఆరు ఒక్కటే. మిగిలిన గంటంబావు పూర్తి ఆరు కాదు గనుక దానికేమీ లేదు. రెండో విమానం అందకపోవడం 'మిస్డ్ కనెక్షన్' అనే వేరే రక్షణ. అది తీసుకున్న పాలసీలో విడిగా ఉండాలి, మా దానిలో లేదు. ఉన్నా హోటలు ఖర్చు విమాన సంస్థే పెట్టుకున్నది కనుక మాకు రావలసింది పెద్దగా ఉండేది కాదు. ఇంకొకరు ఇచ్చిన దానిని మళ్ళీ బీమావారు ఇవ్వరు. కొన్ని పాలసీలలో చేరిన వేళను లెక్కిస్తారు, కొన్నింటిలో నిర్ణీత మొత్తానికి బదులు రసీదులు చూపిన ఖర్చే ఇస్తారు. కనుక నిర్వచనాల పుట చదవనిదే ఎవరి లెక్కా ఎవరికీ పనికిరాదు.

400 కాస్తా 100 అయింది. ఆ వందకైనా దావా వేద్దామని పత్రాలు కూర్చాను: దావా ఫారం, పాలసీ మొదటి పుట, టిక్కెట్టు, ఇద్దరి బోర్డింగు పాసులు, శంషాబాదులో ముద్ర పడిన పాస్‌పోర్టు పుటలు, బ్యాంకు ఖాతా కోసం రద్దు చేసిన చెక్కు, అన్నిటికంటె ముఖ్యంగా విమాన సంస్థ ఇచ్చిన ఆలస్య ధ్రువపత్రం. బోర్డింగు పాసులు కాగితం మీద తీసుకోవడం మా ఇంటావిడ చాదస్తం. ఫోనులో చూపించుకున్న తోటి ప్రయాణికుడొకడు, ప్రయాణం ముగిశాక అది తెర మీద కనబడక అవస్థ పడ్డాడు.

ఆలస్య ధ్రువపత్రాన్ని నేను శంషాబాదులోనే కౌంటరు దగ్గర అడిగి పుచ్చుకున్నాను. అంతవరకు నా తెలివిని నేనే మెచ్చుకున్నాను. పదిహేను రోజులకు బీమా సంస్థ నుండి ప్రశ్న వచ్చింది. ధ్రువపత్రంలో కారణం 'ఆపరేషనల్ కారణాల వల్ల' అని ఉన్నది, ఇది మా జాబితాలో లేదు, స్పష్టమైన కారణం పంపండి అని.

మళ్ళీ పాలసీ తెరిచాను. నిజమే. అన్ని ఆలస్యాలకూ డబ్బు ఇస్తామని వారు ఎక్కడా అనలేదు. ప్రతికూల వాతావరణం, సిబ్బంది సమ్మె, విమానంలో యాంత్రిక లోపం, ఈ మూడే ఉన్నాయి. మా విమానం యంత్రలోపం వల్లనే ఆగిందని అందరికీ తెలుసు. కాని బీమావారు చదివేది కాగితాన్ని. విమాన సంస్థలు 'ఆపరేషనల్' అని రాయడానికి ఇష్టపడతాయి. ఏదైనా ఇమిడే మాట అది. వ్యాకరణంలో నేను విద్యార్థులను ఎంత హెచ్చరించినా వదలని 'మొదలగునవి' వంటిది.

ఇక్కడ 2024 జూలై 19 గుర్తుకు వస్తుంది. క్రౌడ్‌స్ట్రయిక్ అనే సంస్థ పంపిన సాఫ్ట్‌వేర్ సవరణ లోపంతో ప్రపంచమంతటా కంప్యూటర్లు మూతపడిన రోజు. మన శంషాబాదులో బోర్డింగు పాసులు చేతితో రాసి ఇచ్చారు. ఆ రోజు గంటల తరబడి ఆగినవారి పాలసీలో మా జాబితా వంటిదే ఉండి ఉంటే, వానా, సమ్మే, ఇంజనూ కాని ఆ కారణానికి చోటు ఎక్కడ? ఏ కారణమైనా సరే అని రాసిన పాలసీకీ, కారణాలు లెక్కపెట్టి రాసిన పాలసీకీ తేడా అలాంటి రోజున బయటపడుతుంది.

ముందే తెలిసిన ఉపద్రవం సంగతి మరొకటి. 2025 డిసెంబరులో పైలట్ల విశ్రాంతి నియమాల సర్దుబాటు కుదరక ఇండిగో విమానాలు రోజుల తరబడి వందల సంఖ్యలో రద్దయ్యాయి, శంషాబాదులోనూ. ఆ వార్త చూసి హడావుడిగా బీమా కొన్నవారికి ఆ ఆలస్యం సాధారణంగా వర్తించదు. పాలసీ కొనేనాటికి లోకానికి తెలిసిపోయిన సంఘటనను మినహాయించడం ఈ పత్రాలలో మామూలు. రహదారిలో లారీ అడ్డం పడి మనమే కౌంటరుకు ఆలస్యంగా వెళ్ళడం కూడా అంతే. ఆ అలస్యం మనది, విమానానిది కాదు. బహుశా సంస్కృతార్థం అక్కడ సరిపోతుంది.

మా కథకు వస్తాను. పాలసీ ఇప్పించిన ఏజెంటు నా పాత శిష్యుడు. ఫోను చేస్తే, "సార్, గా విమానపోళ్ళకు మెయిల్ పెట్టుండ్రి. ఏం ఖరాబయిందో పేరు వెట్టి రాయుమనుండ్రి. కౌంటరు మీదోళ్ళకు గంతే రాయొస్తది" అన్నాడు. టిక్కెట్టు నంబరు, విమానం నంబరు, తేదీ వేసి విమాన సంస్థ కస్టమరు విభాగానికి రాశాను. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది: ఫలానా తేదీన ఫలానా విమానం, బయలుదేరవలసిన వేళ 4.10, బయలుదేరిన వేళ 11.25, కారణం సాంకేతిక లోపం. రెండు వేళలూ కారణమూ ఒకే కాగితం మీద ఉండటం వల్ల బీమావారికి అడగడానికి ఏమీ మిగలలేదు. జవాబు రాకుంటే, లేదా తిరస్కరిస్తే, ముందు ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలని, నెలలో న్యాయం జరగకుంటే రుసుము లేకుండా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్ళవచ్చునని శిష్యుడు చెప్పి ఉంచాడు. అంత అవసరం పడలేదు.

మరో మూడు వారాలకు రెండు 50 డాలర్లు రూపాయలుగా మారి నా పింఛను ఖాతాలో పడ్డాయి. మా ఇంటావిడ చూసి, "ఏమండీ, ఈ కాగితాల కోసం మీరు చేసిన ఫోన్ల ఖర్చు తీశారా?" అన్నది. తీయలేదు. తిరుగు ప్రయాణానికి ముందు మాత్రం పాలసీలో మిస్డ్ కనెక్షన్ చేర్చడానికి ఎంతవుతుందని శిష్యుణ్ణి అడిగాను. ప్రయాణం మొదలయ్యాక చేర్చరట సార్ అన్నాడు.