నష్టం వచ్చింది, నష్టపోయాం

ఒక చిన్న ఫండులో ప్రోగ్రాములు రాయడం నా ఉద్యోగం. నెలాఖరున క్లయింట్లకి వెళ్లే ఈమెయిల్ రాయడం కూడా నా మీదే పడింది. నియమాలు రాసినవాడే వాటి గురించి చెప్పాలని మా వాళ్ల సిద్ధాంతం. క్లయింట్లలో కొందరు మా విడవలూరు చుట్టుపక్కల వాళ్లు, రొయ్యల చెరువుల్లో సంపాదించినవాళ్లు. వాళ్ల కోసం తెలుగు ప్రతి కూడా ఉంటుంది. లాభం వచ్చిన నెల ఆ మెయిల్ ఎవరూ చదవరు. నష్టం వచ్చిన నెల మాత్రం అక్షరం అక్షరం చదువుతారు. నన్నడిగితే ఇదొక సాహిత్య ప్రక్రియ. దీన్ని ఎవరూ సమీక్షించరు, అంతే.

ఈ ప్రక్రియకి కొన్ని పడికట్టు మాటలున్నాయి. 'ప్రతికూల పరిస్థితుల కారణంగా', 'అనూహ్య పరిణామాల నేపథ్యంలో'. తెలుగులో ఇంకో సౌకర్యం ఉంది. 'నష్టం వచ్చింది' అనొచ్చు, వానొచ్చినట్టు, చుట్టమొచ్చినట్టు. కర్త నష్టమే. మనం గడపలో నిలబడి చూసినవాళ్లం. 'నష్టపోయాం' అంటే కనీసం మనం ఆ వాక్యంలో ఉంటాం. 2024 జూన్ నెల మెయిల్ రాస్తూ ఈ రెంటి మధ్యా చాలాసేపు కొట్టుకున్నాను.

ఆ నెలలో ఇబ్బంది ఏమిటంటే, మార్కెట్ మీదకి నెట్టేయడానికి లేదు. మే 31న నిఫ్టీ 22,531 దగ్గర ముగిసింది. జూన్ 28న 24,011. అంటే నెలలో 1,480 పాయింట్లు, ఆరున్నర శాతం పెరిగింది. మేం నష్టపోయాం. శనివారం ఊరికెళ్తే, మా క్లయింటు, వరసకి మామ, సరిగ్గా అదే పట్టుకున్నాడు. "మార్కెట్ పెరిగిందని పేపర్లో రాశాడు గదా అబ్బయా. మరి మనకెట్ట పోయింది?"

దానికి జవాబు చెప్పాలంటే మా నియమం చూపించాలి. మేం నడిపేది ఇంతకన్నా కొంచెం పెద్దది గానీ, ఎముక ఇదే:

```
if close > max(last_20_closes):
    position = +1
elif close < min(last_20_closes):
    position = -1
```

ఈ రోజు ముగింపు ధర గత ఇరవై సెషన్లలో అన్ని ముగింపులకంటే ఎక్కువైతే కొను. అన్నిటికంటే తక్కువైతే అమ్ము, అంటే షార్ట్ వెళ్లు. మధ్యలో ఉంటే ఉన్నదాన్ని కదపకు. పెరిగేది ఇంకా పెరుగుతుంది, పడేది ఇంకా పడుతుంది అన్న ఒకే నమ్మకం మీద బతికే నియమం. అది సంపాదించేది పొడుగాటి నడకల్లో. ఎటూ తేలకుండా ఊగిసలాడే రోజుల్లో అటూ ఇటూ దెబ్బ తింటుంది.

ఇప్పుడు జూన్. మే 23న కొత్త గరిష్ఠం రావడంతో నియమం అప్పటికే కొనుగోలు వైపు ఉంది. జూన్ 1 శనివారం సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. సోమవారం నిఫ్టీ మూడు శాతం పైన ఎగిరి 23,264కి చేరింది. మంగళవారం, జూన్ 4, ఓట్ల లెక్కింపు. మన రాష్ట్ర అసెంబ్లీ ఫలితాలు కూడా ఆ రోజే. ఊళ్లో ఏ టీవీ ముందు చూసినా నియోజకవర్గాల ఆధిక్యాలే తప్ప నిఫ్టీ సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ రోజు అది దాదాపు ఆరు శాతం పడి 21,885 దగ్గర ఆగింది. అంతకు ముందు ఇరవై సెషన్లలో అతి తక్కువ ముగింపు మే 9న 21,957. దానికంటే ఇది కిందే. డెబ్బై పాయింట్ల తేడాతో నియమం కొన్నది వదిలేసి, షార్ట్ వెళ్లింది.

మర్నాటి నుంచే మార్కెట్ తిరిగి లేచింది. జూన్ 7 శుక్రవారం 23,290. ఎగ్జిట్ పోల్స్ మర్నాటి శిఖరాన్ని ఇరవయ్యారు పాయింట్లతో దాటింది. నియమం మళ్లీ కొంది. ఇరవయ్యారు పాయింట్లు తక్కువ అయ్యుంటే ఆ షార్ట్ ఇంకా మోస్తూ ఉండేవాళ్లం.

సూచీ ముగింపుల మీదే లెక్క కడదాం, ఖర్చులు పక్కన పెట్టి. నెల మొదట్లో ఉన్న కొనుగోలు మీద 646 పోయింది. మూడు రోజుల షార్ట్ మీద 1,405 పోయింది. నెలాఖరు దాకా మోసిన కొనుగోలు మీద 721 వచ్చింది. నికరంగా 1,330 పాయింట్లు, 5.9 శాతం నష్టం. మా ఫండులో నిఫ్టీకి ఇచ్చే వాటా తక్కువ కాబట్టి మొత్తం మీద దెబ్బ అంతకంటే చిన్నది. ఆకారం మాత్రం ఇదే. పోయిన సొమ్ములో పెద్ద భాగం మంగళవారం పతనంలో పోలేదు. ఆ పతనాన్ని నమ్మినందుకు పోయింది. మామకి ఇది కాగితం మీద గీసి చూపిస్తే వెంటనే అర్థమైంది.

మెయిల్ రాయడానికి ముందు నేను చేసే పని ఒకటుంది. అదే నెల ధరల్ని అదే నియమానికి మళ్లీ కాగితం మీద తినిపిస్తాను. అది ఏ రోజు ఏం చేయమంటుందో చూసి, బ్రోకర్ లాగ్‌తో పక్కపక్కన పెడతాను. అడిగిన రోజున అడిగినంతే జరిగి, ధరల్లో తేడా ఖర్చుల మేరకే ఉంటే ఆ నష్టం నియమానిది. ఒక్క సంకేతం తప్పిపోయినా, ఒక్కటి ఎక్కువైనా, అది ప్రోగ్రాముది. ఇవి రెండు వేరు వేరు జబ్బులు. చాలా మెయిళ్లు రెంటినీ 'సాంకేతిక, మార్కెట్ కారణాలు' అని ఒకే గాటన కట్టేస్తాయి. జూన్‌లో నియమం రెండు సార్లు తిరగమంది, రెండు సార్లూ తిరిగాం. సరిపోయింది.

సహోద్యోగి ఒకరు చిత్తుప్రతి చూసి, 'ఎన్నికల ఫలితాల రోజుల్లో ఇకపై వ్యాపారం ఆపేస్తాం' అన్న వాక్యం చేర్చమన్నారు. చదివేవాళ్లకి ఊరటగా ఉంటుందట. నిజమే, ఊరటగానే ఉంటుంది. కానీ లోక్‌సభ ఫలితాలు మామూలుగా అయిదేళ్లకోసారి. 2004 ఎన్నికల తర్వాత మే 17న నిఫ్టీ పన్నెండు శాతం పడింది. 2009లో ఫలితాల తర్వాతి సోమవారం, మే 18న, పదిహేడు శాతం పైన ఎగిరి, అప్పర్ సర్క్యూట్ తగిలి వ్యాపారమే ఆగిపోయింది. అప్పటికి మార్చి నుంచీ పెరుగుతున్న మార్కెట్ అది, ఇలాంటి నియమం కొనుగోలు వైపే ఉండేది. ఆ వాక్యం అప్పుడు అమల్లో ఉంటే ఆ పదిహేడు శాతమూ ఉండేది కాదు. వేళ్ల మీద లెక్కపెట్టగలిగే రోజులు చూసి నియమం మారిస్తే, అది పోయిన నెలకి అతికినట్టు సరిపోతుంది. ఆ నెల మళ్లీ రాదు. పైగా అలాంటి వాక్యం ఒకసారి రాశాక, వచ్చే నష్టానికి ఇంకోటి రాయాలి.

అందుకని మెయిల్లో ఇలా రాశాను: "ఈ నెల నిఫ్టీ పెరిగింది, మనం నష్టపోయాం. నియమం చెప్పింది చెప్పినట్టే చేశాం. జూన్ 4న పతనం కొనసాగుతుందని అది నమ్మింది, కొనసాగలేదు. నియమాన్ని మార్చడం లేదు. ఇలాంటి నెలలు మళ్లీ ఉంటాయి." ఆఖరి వాక్యం తీసేయమని ఫోనొచ్చింది. ఉంచాను.

మామకి పంపేముందు చదివి వినిపించాను. 'నష్టపోయాం' దగ్గర ఆపాడు. "చెరువులో తెల్లమచ్చ వస్తే జబ్బు వచ్చిందంటాం గదా. వచ్చిందనే రాయి, అంత నెత్తినేసుకోబాక" అన్నాడు. మంచి మాటే. కానీ చెరువులోకి నీళ్లు పెట్టేదీ, పిల్ల వదిలేదీ తనే కదా అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

తర్వాత, వచ్చే పంటకి పిల్ల, మేత కొనాలి, కొంత డబ్బు వెనక్కి తీసుకుంటానన్నాడు. నష్టం చూసేనా అనడిగితే, "అదీ ఉండాదిలే" అన్నాడు. ఆ ఫారం ఎక్కడుంటుందో చూపించి, సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టిచ్చాను.