చిన్నత్త చేతిలో ఆగిన గీత

మా తాతల నాడు తెలంగాణ నుంచి మగ్గం పని కోసం సోలాపూర్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డ పద్మశాలి కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. హస్తరేఖల దగ్గరికి వచ్చేసరికి ఈ రెండు భాషలూ మా ఇంట్లో ఒకసారి గట్టిగానే కొట్టుకున్నాయి. ఆ గొడవంతా ఒక్క గీత మీదే. చిటికెన వేలి కింద అరచేతి అంచున మొదలై చూపుడు వేలి వైపు సాగే గీత అది. ఈ రోజుల్లో దాన్ని హృదయ రేఖ అంటున్నాం.

1980ల్లో మా చిన్నత్తకు ఒక సంబంధం వచ్చింది. పిల్ల నచ్చింది, కట్నం మాటలూ అయిపోయాయి. వెళ్లే ముందు పెళ్లికొడుకు తరఫు పెద్దాయన ఒకరు "చెయ్యి ఇటియ్యి బిడ్డా" అని చిన్నత్త కుడిచెయ్యి తీసుకుని చూశారు. ఆ గీత మధ్యవేలి కిందే ఆగింది. ఆయన మొహం మారింది. "గీత చూపుడు వేలుదాకా పోలే. ఆయుష్షు తక్కువ" అన్నారు. వారం తిరక్కుండానే సంబంధం తప్పిపోయిందని కబురు వచ్చింది.

ఆయన కల్పించి చెప్పలేదని మాకు తర్వాత తెలిసింది. మన పాత సాముద్రికంలో ఈ గీత పేరు ఆయుర్రేఖ. వరాహమిహిరుని బృహత్సంహితలోనూ చూపుడు వేలిని చేరిన రేఖ నూరేళ్ల ఆయుష్షు అనీ, తక్కువ ఉంటే ఆ లెక్కన తగ్గించుకోవాలనీ ఉంది. ఇంగ్లిషు పుస్తకాల నుంచి వచ్చిన పద్ధతిలో మాత్రం ఆయుష్షు గీత బొటనవేలి చుట్టూ తిరిగేది. పైన ఉన్న ఈ గీత మనసుది. మా వీధిలో మరాఠీ వాళ్లు 'ఆయుష్య రేషా' అంటే బొటనవేలి గీతే. అంటే ఒకే అరచేతిలో ఒకే పేరు రెండు గీతల మీద తిరుగుతోంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ముందు అడగాల్సిన మాట ఇదే: చెప్పేవారు ఏ పద్ధతిలో చెబుతున్నారు?

సంబంధం తప్పాక నాయనమ్మ ఊరుకోలేదు. చేతులు చూసే ఒక ముసలాయన దగ్గరికి చిన్నత్తను తీసుకెళ్లింది. ఆయన చూసిన తీరును చిన్నత్త మాకు ఎన్నోసార్లు చెప్పింది. మేము నేర్చుకున్నదీ అదే వరుసలో.

మొదట ఆయన గోరువెచ్చని నీళ్లతో చేతులు కడుక్కోమన్నారు. కండెలు చుట్టే రాట్నం పిడి తిప్పీ తిప్పీ చిన్నత్త కుడి అరచేయి కాయలు కాసి ఉండేది. కాయ మీద సన్నగీతలు కనబడవు. తర్వాత చేతిని బిగించకుండా, కొద్దిగా దొప్పలా వదులుగా పెట్టమని, పక్కనుంచి వెలుతురు పడేలా కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. అరచేతిని బలవంతంగా చాపితే గీత లోతు తగ్గినట్టు కనిపిస్తుంది.

ఆ తర్వాత వంపు చూశారు. గీత చిటికెన వేలి కింద నుంచి వేళ్ల వైపు విల్లులా ఎక్కుతుందా, లేక అరచేతిని అడ్డంగా కోసినట్టు తిన్నగా పోతుందా అని. బాగా వంగి పైకి ఎక్కితే ప్రేమైనా కోపమైనా బయటికి చూపించే మనిషి అంటారు. తిన్నగా ఉంటే మనసులో ఉన్నది మాటలోకి తొందరగా రాని మనిషి. తిన్నని గీత అంటే ప్రేమ లేదని కాదు, దాన్ని చూపించే పద్ధతి వేరని. చిన్నత్త గీత ఉంగరపు వేలిదాకా తిన్నగా వచ్చి, అక్కడ్నుంచి కొంచెం పైకి లేచింది. "మొదట్లో మూగగా ఉంటది, నమ్మినంక మాట్లాడ్తది" అన్నారట ఆయన. నాయనమ్మ నవ్వాపుకోలేకపోయిందట. మా చిన్నత్త అచ్చంగా అంతే.

లోతు దగ్గర కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడతారు. లోతైన గీత నిలకడైన మమతకు, సన్నగా వెలిసిన గీత తొందరగా చల్లబడే మనసుకు గుర్తని చెబుతారు. గొలుసు కట్టినట్టు చిన్న చిన్న ఉంగరాలుంటే మనసు ఒక చోట నిలవదంటారు. కానీ లోతును విడిగా చూడకూడదు, దాని కిందుండే బుద్ధి రేఖతో పోల్చాలి. మందమైన చేతిలో అన్ని గీతలూ లోతే, పల్చని చేతిలో అన్నీ సన్నమే. చిన్నత్త చేతిలో రెండు గీతలూ సమానంగా ఉన్నాయి. చిటికెన వేలి కింద మాత్రం కొంచెం గొలుసు ఉంది. గొలుసు మొదట్లో ఉండి తర్వాత గీత తేటపడితే దాన్ని పెద్ద దోషంగా తీసుకోనక్కర్లేదని ఆయన అన్నారు.

చివరగా ఆగిన చోటు. మధ్యవేలి నడిమి నుంచి, చూపుడు వేలి నడిమి నుంచి కిందికి రెండు నిలువు గీతలు ఊహించుకుని, హృదయ రేఖ వాటిలో దేని దగ్గర ఆగిందో చూడాలి. చూపుడు వేలి కింద, అంటే గురు స్థానంలో ఆగితే ప్రేమలో ఆదర్శం, దాంతోపాటు కాస్త అతిశయం. రెండు వేళ్ల నడుమ ఆగితే నెమ్మదైన, లోతైన ప్రేమ. మధ్యవేలి కింద, శని స్థానంలో ఆగితే ఆకర్షణ బలంగా ఉండి, తన సంగతే ముందు చూసుకునే గుణం. కైరో 1894లో ప్రచురించిన పుస్తకంలోనూ దాదాపు ఇలాగే ఉంటుంది. తేడా ఏమిటంటే, మనం గీత ఆగిందనే చోటే గీత మొదలంటాడు ఆయన. రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని తికమకపడేవాళ్లకు ఇది తెలిస్తే చాలు.

ఆ లెక్కన చిన్నత్త స్వార్థపరురాలు కావాలి! ముసలాయన ఆమె చేతిని కొంచెం వంచి, వెలుతురులో మళ్లీ చూపించారు. కాయ అంచున ఒక సన్నని కొమ్మ గీత చివరి నుంచి చీలి రెండు వేళ్ల నడుమకు ఎక్కుతోంది. ఎడమ చేతిలో ఆ గీత అక్కడిదాకా తేటగా పోయింది. ఆయన దగ్గర లెక్క ఏమంటే, పని చేయని చేయి పుట్టుక, పని చేసే చేయి బతుకు. రెండూ చూడకుండా, కొమ్మ వెతకకుండా గీత ఆగిందని చెప్పడం సగం చూసినట్టే.

ఇప్పుడు మేము చెప్పాల్సింది కూడా చెప్పేస్తాం. ఈ ముడతలు తల్లి కడుపులో మొదటి మూడు నెలల్లోనే ఏర్పడతాయి. చిటికెన, ఉంగరపు, మధ్య వేళ్లు కలిసి వంగే చోట చర్మం మడతపడిన గీత ఇది. గుప్పిట మూసి చూసుకుంటే మీకే తెలుస్తుంది. చూపుడు వేలు విడిగా వంగగలదు కనుక చాలామందికి గీత దాని దగ్గరికి చేరకముందే ఆగుతుంది. ఇది ఆయుష్షునో గుణాన్నో చెబుతుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. అందుకే మా ఇంట్లో చేయి చూడటం కబుర్లవరకే.

చిన్నత్తకు ఆ మరుసటేడు మరో సంబంధం కుదిరింది. ఇప్పుడు అరవై దాటింది, మనవలున్నారు. ఆయుష్షు తక్కువన్న పెద్దాయన ఎప్పుడో పోయారు. పిల్లలు చేయి చాపితే చిన్నత్త వంపు చెబుతుంది, లోతు చెబుతుంది, ఎక్కడ ఆగిందో చెబుతుంది. "నేనెన్నేండ్లు బతుకుతా అవ్వా?" అని అడిగితే మాత్రం చేయి మూసేసి, "గది ఈడ రాసిలేదు, పోయి అన్నం తిను" అంటుంది.