0.2 మిల్లీమీటర్ల సందు

బాలానగర్‌లో లేత్‌లూ డై షాపులూ వరసగా ఉన్న ఒక వీధిలో, మేడమీద చిన్న త్రీడీ ప్రింటింగ్ వర్క్‌షాపు ఉంది. అచ్చులు పోసేవాళ్లు విగ్రహాల నమూనాల కోసం, చుట్టుపక్కల షాపులవాళ్లు బ్రాకెట్ల కోసం వస్తుంటారు. నేను వెళ్లింది సపోర్టులు ఊడదీయడం చూడ్డానికి. "ప్రింట్ మిషన్ చేసేస్తుంది సార్. మా వేళ్లు నొప్పెట్టేది ఇక్కడే" అన్నాడు యజమాని, ట్రేలో పోగుపడ్డ ప్లాస్టిక్ పుల్లలు చూపిస్తూ.

ప్రింటర్ కరిగిన ప్లాస్టిక్‌ని పొర మీద పొరగా పేరుస్తుంది. నిలువు నుంచి దాదాపు 45 డిగ్రీలకు మించి బయటికి వాలిన భాగమైతే కింద ఆనడానికి ఏదో ఒకటి కావాలి. ఆ ఊతనీ ప్రింటరే వేస్తుంది, తర్వాత మనం పీకి పారేయాలి.

ఆ రోజు బల్లమీద ఒకే వినాయకుడు రెండు ప్రతులుగా ఉన్నాడు. మొదటిదానికి నార్మల్ సపోర్టు. ఇది వాలిన భాగం కింద నిట్టనిలువుగా గోడల్లా లేస్తుంది. తొండం కింద బొజ్జ ఉంది కాబట్టి ఆ గోడలు బొజ్జమీదే నిలబడ్డాయి. పీకేసరికి తొండం కిందా మచ్చలే, బొజ్జమీదా మచ్చలే. రెండోదానికి ట్రీ సపోర్టు. అరటిగెలకు ఊతకర్ర పెట్టినట్టు, అది ప్లేటు మీద మొదలై బొజ్జను తప్పించుకుంటూ వంగి, తొండానికి కొనతో మాత్రమే ఆనింది. షాపులో పనిచేసే కుర్రాడు కాండం పట్టుకుని మెలితిప్పగానే కొమ్మలు పటపటమని విడిపోయాయి. బొజ్జకు గీత కూడా పడలేదు.

అలాగని ట్రీయే మేలనుకుంటే పొరపాటు. పక్కనే ఒక బ్రాకెట్ ఉంది. దాని అడుగు అరచేయంత వెడల్పున చదునుగా బయటికి చాచుకుని ఉంటుంది. చదును భాగానికి కొమ్మల కొనలు అక్కడక్కడా ఆనితే చాలదు, మధ్యలో ప్లాస్టిక్ జారుతుంది. ఎత్తయిన సన్నకొమ్మకి నాజిల్ తగిలితే అది విరిగిపోవడమూ ఉంది. కాబట్టి బ్రాకెట్‌కు నార్మలే వేస్తారు. విగ్రహాలకు ట్రీ, చదును అడుగులకు నార్మల్: ఈ షాపులో ఇంతకు మించి వాదన లేదు.

అసలు పని చేసేది వేరే అని యజమాని అన్నాడు. తెరమీద `Top Z distance` అనే గడి చూపించాడు. సపోర్టు పైపొరకూ వస్తువు అడుగుకూ మధ్య వదిలే సందు అది. సందు సున్నా అయితే ఒకే ప్లాస్టిక్ కాబట్టి, మామూలు పొరల్లాగే రెండూ అతుక్కుపోతాయి. సందు ఉంటే నాజిల్ నుంచి వచ్చిన తీగ కింద పొరమీద గట్టిగా అదమబడదు, కొంచెం చల్లబడి వాలుతుంది. ఆనుతుంది కానీ కరిచిపట్టుకోదు.

బ్రాకెట్ అంచును మాత్రం కోసి చిన్న ముక్కగా పీఎల్ఏలో, 0.2 మి.మీ. పొరలతో మూడు రకాలుగా వేసి ఉంచారు. 0.1 సందు ముక్కకి పట్టకారు పెట్టి లాగితే సపోర్టు పెళ్లలుగా విరిగిందే తప్ప ఊడలేదు, అడుగున తెల్లటి గాట్లు మిగిలాయి. 0.3 ముక్క వేలితోనే ఊడింది. అయితే అడుగు కొద్దిగా వేలాడి, తీగలు విడివిడిగా కనిపించాయి. 0.2 దగ్గర అంచున పట్టకారు దూర్చి ఎత్తితే సపోర్టు పైభాగం ఒకే రేకులా లేచింది. అడుగు గరుకే కానీ సమంగా ఉంది.

ఆ రేకు రావడానికి కారణం ఇంటర్‌ఫేస్. సపోర్టు లోపల గీతల మధ్య రెండు మిల్లీమీటర్లకు పైగానే ఖాళీ ఉంటుంది. పైన రెండు మూడు పొరలు దగ్గరదగ్గరగా పరిస్తే వస్తువు అడుగుకు మంచి పీట దొరుకుతుంది, సపోర్టు కూడా ముక్కలు కాకుండా వస్తుంది. నా లెక్కలో ట్రీయా నార్మలా అన్న ప్రశ్న కంటే ఈ రెండు మూడు పొరలే ముఖ్యం.

పీఈటీజీ మరీ జిడ్డు సరుకు, తనమీద తాను బాగా అంటుకుంటుంది. దానికి సందు 0.25, ఒక్కోసారి 0.3 దాకా పెంచుతామన్నాడు. కానీ పీఎల్ఏకీ పీఈటీజీకీ మాత్రం పొత్తు కుదరదు. అందుకే రెండు దారాలు వాడగల ప్రింటర్‌లో పీఎల్ఏ వస్తువుకు ఇంటర్‌ఫేస్ పొరలు మాత్రం పీఈటీజీతో, సందు సున్నా పెట్టి వేస్తారు. అలా తీసిన ఒక అడుగు నా వేలికి నున్నగా తగిలింది. ఖరీదు మాటేమిటంటే, దారం మారిన ప్రతిసారీ నాజిల్ కడగడానికి కొంత ప్లాస్టిక్ చెత్తలోకి పోతుంది, గంటలూ పెరుగుతాయి. కంటికి కనబడే అడుగైతేనే ఈ ఖర్చు పెడతారు.

ఇంట్లో ప్రింటర్ ఉన్నవాళ్లకు ఒక్క మాట. ఎవరో చెప్పిన సందు అంకెను అలాగే దించుకోకండి. దారం రకం గానీ, ఫ్యాన్ వేగం గానీ, పొర మందం గానీ మారితే అది కూడా మారుతుంది. వస్తువులో వాలిన భాగం మాత్రం కోసి, చిన్న ముక్కగా వేసి, పీకి చూశాకే మొత్తం ప్రింట్ మొదలుపెట్టండి.