టీఎల్‌డీ మాత్ర వైరస్‌ను ఎక్కడ అడ్డుకుంటుంది?

హెచ్‌ఐవీకి మన ఏఆర్‌టీ కేంద్రాలలో ఉచితంగా ఇచ్చే టీఎల్‌డీ మాత్ర గురించి ఒక పాఠకుడు రెండు ప్రశ్నలు పంపారు. ఒకే మాత్రలో మూడు మందులు ఎందుకు ఉన్నాయి? పరీక్షలో వైరస్ కనిపించడం లేదని చెప్పిన తరువాత కూడా మాత్ర ఎందుకు మానకూడదు? ఈ రెంటికీ సమాధానం ఒక్కచోటనే ఉంది. వైరస్ మన కణంలో చేసే ప్రయాణాన్ని తెలుసుకొని, ఏ మందు ఏ మజిలీలో అడ్డు నిలుస్తుందో చూస్తే చాలు.

హెచ్‌ఐవీ మన రక్తంలోని సీడీ4 అనే తెల్లకణాలను ఆశ్రయిస్తుంది. మొదట కణం పైపొరకు అంటుకొని, ఆ పొరతో కలిసిపోయి లోపలికి ప్రవేశిస్తుంది. దాని జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. మన కణానిది డీఎన్‌ఏ. కాబట్టి రెండవ మజిలీలో, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే తన ఎంజైమ్ సాయంతో ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా తిరగరాసుకుంటుంది. మూడవ మజిలీలో ఇంటిగ్రేజ్ అనే ఎంజైమ్ ఆ డీఎన్‌ఏను మన కణపు డీఎన్‌ఏలో అతికిస్తుంది. అటుపిమ్మట కణమే వైరస్‌కు కావలసిన ప్రోటీన్లను పొడవైన తీగలుగా తయారు చేస్తుంది. చివరి మజిలీలో ప్రోటియేజ్ అనే ఎంజైమ్ ఆ తీగలను తగిన ముక్కలుగా కోస్తేనే, కణం నుండి వెలువడిన వైరస్ మరొక కణానికి సోకగలదు.

ప్రవేశ ద్వారం దగ్గరే ఆపే మందులు ఉన్నప్పటికీ మన దేశంలో వాటి వాడకం అరుదు. చివరి మజిలీలో ప్రోటియేజ్ కత్తెరను పనిచేయనీయని లోపినవిర్, అటాజనవిర్, దరునవిర్ వంటి వాటిని రిటోనవిర్ అనే తోడు మందుతో కలిపి, ఎక్కువగా మొదటి చికిత్స విఫలమైనవారికి ఇస్తారు. టీఎల్‌డీ పని అంతా నడిమి రెండు మజిలీలలోనే. అందులో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోల్యుటెగ్రవిర్ 50 మిల్లీగ్రాములు ఉంటాయి.

టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ తిరగరాత మజిలీలో పనిచేస్తాయి. డీఎన్‌ఏను ఒక గొలుసుగా ఊహించుకోండి. ప్రతి లంకెకు ముందొక కొక్కెం, వెనుకొక కొక్కెం ఉంటాయి. ఈ రెండు మందులూ అసలు లంకెలను పోలిన నకిలీ లంకెలు. వాటికి ఒకవైపు మాత్రమే కొక్కెం ఉంటుంది. వైరస్ ఎంజైమ్ మోసపోయి నకిలీ లంకెను తగిలించగానే, తరువాతి లంకె తగిలించడానికి చోటు లేక గొలుసు అక్కడితో ఆగిపోతుంది. రెండు మందులు రెండు వేర్వేరు లంకెలకు నకిలీలు కనుక, ఒకదానిని తప్పించుకున్న వైరస్ రెండవ దానికి చిక్కే అవకాశం ఉంటుంది.

2004లో మన దేశంలో ప్రభుత్వం ఉచిత చికిత్స ప్రారంభించినప్పుడు స్టావుడిన్, లామివుడిన్, నెవిరాపిన్ మందుల కూర్పును విస్తృతంగా వాడాము. నెవిరాపిన్ నకిలీ లంకె కాదు. అదే ఎంజైమ్‌కు మరొక చోట అంటుకొని దాని ఆకృతిని చెడగొడుతుంది. అంటే మూడు మందులూ ఒకే మజిలీని కాపలా కాసేవి. పైగా వైరస్‌లో ఒక్క మార్పు వస్తే చాలు, నెవిరాపిన్ నిష్ఫలమయ్యేది. లామివుడిన్‌కు సైతం ఆ బలహీనత ఉంది. కొన్నాళ్లు మాత్రలు వేసుకొని కొన్నాళ్లు మానినవారిలో ఆ మార్పులు త్వరగా వచ్చేవి. టీఎల్‌డీలోని డోల్యుటెగ్రవిర్ తరువాతి మజిలీలో, అతికింపు దగ్గర నిలుస్తుంది. దానిని తట్టుకునే మార్పులు వైరస్‌లో అంత సులభంగా రావు.

ఆ మందు పనిచేసే తీరు తెలిస్తే, దానిని ఎలా వేసుకోవాలో కూడా తెలుస్తుంది. ఇంటిగ్రేజ్ ఎంజైమ్ నడిమధ్యలో రెండు మెగ్నీషియం అయాన్లు ఉంటాయి. అతికింపు వాటి ఆధారంగానే జరుగుతుంది. డోల్యుటెగ్రవిర్ ఆ రెంటినీ గట్టిగా పట్టుకొని ఎంజైమ్‌ను కదలనీయదు. లోహాలను పట్టుకునే ఈ గుణమే కడుపులో ప్రతికూలంగా మారుతుంది. అక్కడ మెగ్నీషియం, అల్యూమినియం, కాల్షియం, ఇనుము ఎదురైతే మందు వాటినే పట్టుకొని ఉండిపోతుంది. రక్తంలోకి చేరే మోతాదు తగ్గిపోతుంది.

నాకు పరిచయస్థుడైన ఒక కిరాణా వ్యాపారి విషయం చెబుతాను. రెండేళ్లుగా టీఎల్‌డీ వాడుతున్నారు. వైరస్ కనిపించని స్థాయిలో ఉండేది. ఒక పరీక్షలో మిల్లీలీటరుకు 3,800 అని వచ్చింది. వెయ్యి దాటితే చికిత్స పనిచేయడం లేదేమోనని అనుమానించాలి. ఆయన రిపోర్టు పట్టుకొని వచ్చి, "ఒక్క పూట కూడా మానలేదు డాక్టరుగారూ" అన్నారు. డబ్బాలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టగా ఆ మాట నిజమేనని తేలింది. వేరే మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే లేవన్నారు. రాత్రి భోజనం తరువాత ఏమేమి పుచ్చుకుంటారో వరుసగా చెప్పమన్నాను. అప్పుడు బయటపడింది. నాలుగు నెలలుగా ఛాతీలో మంటకు మందుల దుకాణంలో కొన్న సిరప్‌ను టీఎల్‌డీ వేసుకున్న వెంటనే రెండు మూతలు తాగుతున్నారు. సీసాపై అల్యూమినియం, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అని రాసి ఉంది. ఆయన దృష్టిలో అది మందు కాదు, "గ్యాస్ సిరప్".

ఏఆర్‌టీ కేంద్రంలో ఈ సంగతి చెప్పమన్నాను. అక్కడ మాత్ర మార్చలేదు. సిరప్ మాన్పించి, మూడు నెలల తరువాత మళ్లీ పరీక్ష చేశారు. వైరస్ కనిపించలేదు. సంగతి తెలియకుండా ఉంటే, మందు విఫలమైందని భావించి ఆయనను అనవసరంగా రెండవ వరుస చికిత్సకు మార్చవలసి వచ్చేదేమో.

కాబట్టి ఇటువంటి సిరప్ తప్పనిసరి అయితే, టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తరువాత తాగవచ్చు. సిరప్ ముందుగా తాగితే టీఎల్‌డీకి ఆరు గంటల వ్యవధి ఇవ్వాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు కూడా ఇదే నియమం. అయితే వీటిని భోజనంతో పాటు టీఎల్‌డీతో కలిపి వేసుకోవచ్చు. పరగడుపున మాత్రం కలపరాదు. గర్భిణులు దీనిని ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. క్షయ చికిత్సలోని రిఫాంపిసిన్‌ది మరొక దారి. అది కాలేయాన్ని పురికొల్పి డోల్యుటెగ్రవిర్‌ను త్వరగా ఖర్చు చేయిస్తుంది. అందువల్ల క్షయ మందులు వాడినన్నాళ్లు, టీఎల్‌డీ వేసుకున్న 12 గంటలకు మరొక 50 మిల్లీగ్రాముల డోల్యుటెగ్రవిర్ మాత్ర విడిగా ఇస్తారు. దానిని మీ అంతట మీరు మానరాదు.

ఇక రెండవ ప్రశ్న. పైన చెప్పిన మజిలీలను మరొకసారి చూడండి. టీఎల్‌డీ తిరగరాతను, అతికింపును ఆపుతుంది. అంటే కొత్త కణాలకు వైరస్ పట్టకుండా కాపాడుతుంది. చికిత్సకు ముందే అతికింపు జరిగిపోయిన కణంలోని వైరస్ డీఎన్‌ఏను తీసివేసే శక్తి దానికి లేదు. ప్రోటియేజ్ మందులకూ లేదు. అటువంటి కణాలలో చాలావరకు త్వరగానే నశిస్తాయి. కొన్ని మాత్రం నిద్రాణంగా ఏళ్ల తరబడి బ్రతికి ఉంటాయి. నిద్రపోతున్న కణం వైరస్‌ను వదలదు కనుక రక్తపరీక్షకు అది దొరకదు. మాత్ర మానినప్పుడు వాటిలో ఏ కొన్ని మేలుకొన్నా, వెలువడిన వైరస్‌కు తిరగరాత దగ్గర గాని, అతికింపు దగ్గర గాని అడ్డు ఉండదు. సాధారణంగా కొన్ని వారాలలోనే అది మళ్లీ రక్తంలో కనిపిస్తుంది. "కనిపించలేదు" అన్న రిపోర్టు ఆ కాపలా సక్రమంగా జరుగుతున్నదని చెబుతుందే తప్ప, కాపలా ఇక అక్కరలేదని చెప్పదు.