త్రిపురుషానుగత నామము

మా పౌత్రుని నామకరణం పదకొండవ దినమున జరిగింది. పుణ్యాహవాచనానంతరం కంచుపళ్ళెంలో పరచిన బియ్యంపై మా కుమారుడు బంగారు ఉంగరంతో మాసనామము, నక్షత్రనామము, వ్యావహారికనామము వ్రాసి, శిశువు కుడిచెవిలో ‘విశ్వనాథశర్మ’ అని ఉచ్చరించాడు. అది మా తాతగారి పేరు.

అంతకుముందే మా కోడలు సవినయంగా ఒక సందేహం వెలిబుచ్చింది. “మామయ్యగారూ! ఆయన చివరిదశలో దృష్టి కోల్పోయి, దారిద్ర్యంలో గతించారని విన్నాను. ఆ పేరుతో ఆ కర్మ కూడా బిడ్డకు సంక్రమించదు కదా?” ఆ తల్లి భయం సహజమైనది. కనుక ఆశీర్వచన సమయమున బంధువులందరి ఎదుట నేను ఇలా చెప్పాను.

“అమ్మా! కర్మ జీవుని అనుసరిస్తుంది, శబ్దాన్ని కాదు. తాతగారే మరలి వచ్చారని కూడా నేను అనను. ఈ జీవుడు వేరు, వీని ప్రారబ్ధం వేరు. పతంజలి మహర్షి మహాభాష్యంలో యాజ్ఞికుల మాటగా నామలక్షణం తెలిపారు. పేరు ఘోషాక్షరంతో ఆరంభం కావాలి, నడుమ అంతస్థం ఉండాలి, రెండు లేక నాలుగు అక్షరాలు ఉండాలి, మూడు తరాల పూర్వులను అనుసరించాలి. ‘విశ్వనాథ’లో ఆద్యక్షరపు వకారం ఘోషము, నడిమి వకారం అంతస్థము, అక్షరాలు నాలుగు. మా అబ్బాయికి నేను, మా నాన్నగారు, మా తాతగారు ఆ ముగ్గురు పూర్వులము. జీవించి ఉన్నవాని పేరు పెట్టడం మన ఇంటి ఆచారం కాదు. మా నాన్నగారి పేరు పెడితే మా అమ్మ భర్తనామాన్ని ఉచ్చరించలేదు. తాతగారిదైతే ఆమె వీనిని ‘మామగారూ’ అని ముద్దుగా పిలుచుకుంటుంది.

ఇక అసలు కారణం వినుము. శ్రాద్ధంలో పితృ, పితామహ, ప్రపితామహులను వసు, రుద్ర, ఆదిత్య రూపులుగా పేరు చెప్పి ఆవాహన చేస్తాం. నేడు నా నోట తాతగారు రుద్రస్థానంలో ఉన్నారు. నా అనంతరం నా కుమారుని నోట ఆదిత్యస్థానం చేరుతారు. వీడు కర్తయైన నాడు ఆ మూడు స్థానాలు వీని తండ్రికి, నాకు, మా నాన్నగారికి చెందుతాయి. తాతగారు పిండభాక్కుల పంక్తిని దాటి లేపభాక్కులలో చేరుతారు. అంటే వారి పేరు పలికి పిండమిచ్చేవారు మన ఇంట ఉండరు. కానీ ఆనాడు కూడా వీడు పెద్దలకు అభివాదం చేస్తూ గోత్రప్రవరలు చెప్పి, చివర ‘విశ్వనాథశర్మా అహమస్మి భోః’ అంటాడు. ఇన్నాళ్ళూ ‘వారికి’ అని పలికిన నామాన్ని వీడు ‘నేను’ అని పలుకుతాడు.”

కోడలు మారు పలుకక, బిడ్డను మా అమ్మ ఒడిలో ఉంచింది. అమ్మ వాని అరికాళ్ళు నిమిరి, “మామగారూ, పాలు తాగారా?” అని అడిగింది.