ఒక ఆరు నెలల కాగితం

హోసూరులో ఒక చిన్న ఫ్యాక్టరీలో నేను స్టోర్సు ఇన్‌చార్జిగా ఉన్న రోజులవి. 2019 ఏప్రిల్ 1న మా అత్తగారి ఊరి కుర్రాడు గుమాస్తాగా చేరాడు. ఆరు నెలల ప్రొబేషన్. ఆఫీసులో నన్ను 'సార్' అనేవాడు, గేటు దాటితే 'మామా' అనేవాడు. చిక్కంతా ఆ రెండో పిలుపుతోనే.

సెప్టెంబరు మూడో వారంలో ఫైలు తెరిచాను. అందులో ఫోర్‌మన్ రాసిన ఒక్క మాటే ఉంది: 'చురుకు లేదు.' దానితో ఒకరి అన్నం తీసెయ్యలేం. మనవాడని పర్మనెంటు చేయడానికీ అందులో ఏమీ లేదు.

బిన్ కార్డులూ స్టాకు లెడ్జరూ పక్కపక్కన పెట్టి తేడాలు తేదీలవారీగా రాసుకున్నాను. మొత్తం 14. వాటిలో 9, ఒకే ఆర్డరు సరుకు రెండు మూడు విడతలుగా వచ్చినప్పటివి. అలాంటి సరుకు ఎలా ఎక్కించాలో అతనికి ఎవరూ చెప్పలేదు. జూన్ చివర పాత గుమాస్తా చూపించాక ఆ తప్పు మళ్లీ రాలేదు. అది మా లోపం. కాబట్టి అతని లెక్కలోంచి తీసేశాను.

మిగతా 5 అతనివే. సరుకు ఇచ్చిన వెంటనే కాక, మర్నాడు గుర్తుతెచ్చుకుని రాసినవి. వాటిలో 3 సెప్టెంబరులోవే. అంటే తగ్గడం లేదు. క్రిందటేడు పర్మనెంటు చేసిన అరవ కుర్రాడి కాగితాలు తీసి చూశాను. అతనికి ఈ రకం తప్పు ఒక్కటే ఉంది. నా చుట్టరికం బయటపడింది అక్కడే. అతనికి పెట్టిన కొలతే వీడికీ పెట్టాలి కదా!

అపాయింట్‌మెంట్ ఉత్తరంలో మూడు నెలలు, ఒక్కసారే పొడిగించవచ్చని ఉంది. గడువు ఊరికే జారిపోనివ్వకూడదు. నియమంలోనే ఆఖరి గడువు ఉండి, అది దాటాక కూడా మనిషిని పనిలో ఉంచితే ఖాయం చేసినట్టేనని 1968లోనే పంజాబు ప్రభుత్వోద్యోగుల కేసులో సుప్రీంకోర్టు అంది. మాది ప్రైవేటు కొలువే అనుకోండి, అయినా తగవు తగవే.

సెప్టెంబరు 26న ఉత్తరం ఇచ్చాను. 'చురుకు' అన్న మాట ఎక్కడా రాయలేదు. ఆ అయిదు తేదీలు, సరుకుల పేర్లు, తేడాలు రాశాను. ఆ తొమ్మిదింటినీ ఎందుకు వదిలేశానో కూడా రాశాను. ఇకపై స్లిప్పు చేతికి రాగానే కార్డులో ఎక్కించాలి. ప్రతి శనివారం నేను ఎంచిన పది బిన్లు లెక్కపెట్టి ఇద్దరం సంతకం చేయాలి. డిసెంబరులోనూ ఇదే తప్పు వస్తే ఉద్యోగం ఉండదని దాచకుండా చెప్పాను. తను చెప్పుకోవలసింది ఉంటే రాయమని కింద జాగా వదిలాను. 'రాత్రి షిఫ్టులో ఒక్కణ్ణే ఉంటున్నాను' అని రాశాడు. నిజమే. నాకది తట్టనే లేదు. రాత్రికి ఒక హెల్పరును ఇప్పించాను.

పన్నెండు శనివారాల్లో 120 బిన్లు చూశాం. రెండు తేడాలు, రెండూ అక్టోబరువే. డిసెంబరు 27న పర్మనెంటు ఉత్తరం ఇచ్చాను.

సంక్రాంతికి అత్తగారి ఊరు వెళ్తే వాళ్ల నాన్న ముఖం ముడుచుకుని, "మనోడివై ఉండి మూడు నెల్లు ఏడిపించావే అబ్బోడా" అన్నాడు. కుర్రాడు లోపలికి వెళ్లి ఆ సెప్టెంబరు కాగితం తెచ్చి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కో తేదీ తెలుగులో చెబుతూ తండ్రికి వినిపించాడు.