అంచు ఎక్కడ జారింది?

పావగడ నుంచి మేనకోడలు ఫొటో పంపింది. టీపాయ్ మీదకని అల్లుతున్న క్రోషా గుడ్డ. "అత్తా, పైకి పోయేకొద్దీ సన్నబడుతోంది, ఎందుకు?"

ముందు ఫొటోనే అనుమానించాను. ఏటవాలుగా తీస్తే దూరపు అంచు ఎటూ చిన్నదిగానే కనిపిస్తుంది. "నేల మీద పరిచి, నిటారుగా పైనుంచి తియ్యి. ఎండ పక్కనుంచి పడనీ" అన్నాను. సోలార్ పార్కు పెట్టిన తాలూకా, ఎండకేం కరువు!

రెండో ఫొటోలో కుట్లు స్పష్టంగా లేచాయి. వెడల్పు చూడలేదు, కుట్లు లెక్కపెట్టాను. మొదటి వరుసలో 40, పదకొండో వరుసలో 30. అంటే వరుసకొకటి పోతోంది. తిప్పినప్పుడు వేసే మూడు గొలుసులు ఒక కుట్టు కిందే లెక్క. తర్వాతి వరుస చివర వాటి తలలో సూది దించాలి. ఆ పిల్ల దానికి ముందే ఆపేస్తోంది. ప్రతి వరుసకూ పని తిరుగుతుంది కనుక చెరోవైపు అయిదేసి పోయాయి. లెక్క 40 దగ్గరే నిలిచి గుడ్డ సన్నబడి ఉంటే, దారం బిగించి లాగిందని అనేదాన్ని.

ఆ పై వరుసలో, మధ్యలో ఒక కన్నం కూడా ఉంది. అది వదిలేసిన కుట్టు, ఉన్నచోటే ఉంటుంది. రెండు సూదుల స్వెటర్లో కుట్టు జారితే మాత్రం నిచ్చెనలా కిందికి విడిపోతుంది, వెంటనే పిన్నీసు గుచ్చాలి.

రెండో వరుస దాకా విప్పమన్నాను. ఇంకా జవాబు రాలేదు.